మెస్ లైసెన్సు రద్దు: ఇరవై మార్కుల న్యాయ సమీక్ష

ఒక పట్టణంలో ఒకావిడ పదకొండేళ్లుగా మెస్ నడుపుతోంది. శుక్రవారం సాయంత్రం మున్సిపల్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది: "మీ మెస్ మీద ఫిర్యాదులు అందాయి. రేపు సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వండి." ఏ ఫిర్యాదులో అందులో లేదు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ వంటగది చూసి రిపోర్టు రాశాడని ఆమెకు తెలిసింది. ఆ రిపోర్టు కాపీ, ఒక వారం గడువు కావాలని అర్జీ పెట్టుకుంది. జవాబు రాలేదు. సోమవారం పొద్దున ఉత్తర్వు వచ్చింది: "మంత్రిగారి ఆదేశం మేరకు, మెస్ ముందు ట్రాఫిక్ రద్దీ పెరిగినందున, ప్రజాప్రయోజనం దృష్ట్యా లైసెన్సు రద్దు చేయడమైనది." పక్క హోటల్ కమిషనర్ బావమరిదిది. ఆమె హైకోర్టుకు వెళ్లింది. అక్కడ వేసిన కౌంటర్ అఫిడవిట్‌లో కమిషనర్ కొత్త మాట ఎత్తుకున్నాడు. మురుగు నీరు వంటగదిలోకి వస్తోందని, అందుకే రద్దు చేశానని.

ప్రశ్నతో పాటు చట్టంలోని రెండు సెక్షన్లు ఇచ్చారు. మొదటిది: "ప్రజారోగ్యానికి ప్రమాదం ఉందని తృప్తి చెందినప్పుడు, లైసెన్సుదారుకు తన వాదన చెప్పుకునే అవకాశం ఇచ్చిన తరువాత, కమిషనర్ లైసెన్సును రద్దు చేయవచ్చు." రెండోది: ఆ ఉత్తర్వు మీద ముప్పై రోజుల్లో కలెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఇక ప్రశ్న: ఆమెకు ఏ ఏ ఆధారాల మీద న్యాయ సమీక్ష దొరుకుతుందో సలహా ఇవ్వండి. 20 మార్కులు.

ఈ సమస్య, ఈ సెక్షన్లు ఊహించి రాసినవే. అయితే ఎల్‌ఎల్‌బీ అడ్మినిస్ట్రేటివ్ లా పేపర్లో ప్రాబ్లమ్ ప్రశ్న దాదాపు ఇలాగే ఉంటుంది. దీనికి చాలామంది రాసే జవాబూ దాదాపు ఒకేలా ఉంటుంది. న్యాయ సమీక్ష అంటే ఏమిటో ఒక పేజీ, 1984లో ఇంగ్లండ్‌లో లార్డ్ డిప్లాక్ చెప్పిన మూడు ఆధారాలు ఒక పేజీ, సహజ న్యాయ సూత్రాల మీద మరో పేజీ రాస్తారు. చివరి రెండు లైన్లలో మాత్రం మెస్ కనిపిస్తుంది: "కాబట్టి పై సూత్రాల ప్రకారం ఈ ఉత్తర్వు చెల్లదు." అందులో తప్పేమీ లేదు. కానీ శుక్రవారం, బావమరిది, ట్రాఫిక్, అఫిడవిట్ అన్నీ ప్రశ్నపత్రంలోనే ఉండిపోయాయి. ఆ మూడు పేజీలను ఏ ప్రశ్నకైనా అతికించవచ్చు. దిద్దేవారికి ఆ సంగతి మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

జవాబు మొదలుపెట్టాల్సిన చోటు సెక్షన్. న్యాయ సమీక్షలో కోర్టు మొదట చూసేది, అధికారికి చట్టం ఎంత ఇచ్చింది, ఏ హద్దులో ఇచ్చింది అన్నదే. అందుకే సెక్షన్‌ను పెన్సిల్‌తో ముక్కలు చేయాలి. 'ప్రజారోగ్యానికి ప్రమాదం' అంటే దేని కోసం రద్దు చేయవచ్చో చెబుతోంది. 'అవకాశం ఇచ్చిన తరువాత' అంటే ఎలా చేయాలో చెబుతోంది. 'కమిషనర్' అంటే ఎవరు చేయాలో చెబుతోంది. 'చేయవచ్చు' అంటే చేసి తీరాలని కాదు, ఆలోచించి నిర్ణయించాలని. ఇప్పుడు వాస్తవాలను ఈ ముక్కల పక్కన పెట్టి చూస్తే సమస్యలు వాటంతట అవే బయటపడతాయి. ఆరోగ్యం అని చట్టం అంటే ట్రాఫిక్ అని ఉత్తర్వు అంటోంది. కమిషనర్ అని చట్టం అంటే మంత్రి ఆదేశం అని ఉత్తర్వు అంటోంది. అవకాశం అన్నచోట ఒక్క రోజు గడువు, చేతికి రాని రిపోర్టు ఉన్నాయి.

ఏ ముక్క పక్కనా కుదరని వాస్తవాలు రెండు మిగులుతాయి. ఒకటి బావమరిది హోటల్. పక్షపాతం గురించి సెక్షన్ ఏమీ అనలేదు. తన సొంత వ్యవహారంలో తానే తీర్పరి కాకూడదన్న సూత్రం సహజ న్యాయం నుంచి వస్తుంది, చట్టంలో రాయకపోయినా వర్తిస్తుంది. రెండోది కౌంటర్ అఫిడవిట్. ఉత్తర్వులో లేని కారణాన్ని కోర్టులో చెప్పవచ్చా అన్నది వేరే సమస్య. ప్రశ్న తయారుచేసేవారు ఊరికే ఏ వాస్తవాన్నీ పెట్టరు. రాయడం మొదలుపెట్టే ముందు పెన్సిల్ గుర్తు పడని వాక్యం ఏదైనా ఉంటే, అక్కడ ఒక సమస్య తప్పిపోయినట్లే. మూడు గంటల్లో ఐదు ప్రశ్నలు రాయాల్సిన పేపర్లో ఒక్కోదానికి 36 నిమిషాలు వస్తాయి. అందులో ఆరేడు నిమిషాలు ఈ పెన్సిల్ పనికి ఇస్తే అవి వృథా కావు.

డిప్లాక్ చెప్పిన మూడు ఆధారాలకు ఇప్పుడు పని పడుతుంది. చట్టం ఇచ్చిన హద్దు దాటడం ఒకటి, పద్ధతి తప్పడం ఒకటి, బుద్ధి ఉన్న ఏ అధికారీ చేయనంత అసంబద్ధంగా నిర్ణయించడం ఒకటి. టాటా సెల్యులార్ కేసులో 1994లో మన సుప్రీంకోర్టు వీటిని చెప్పింది. జవాబులో వీటికి రెండు లైన్లు చాలు, ఎందుకంటే ఇవి గుర్తించిన సమస్యలను సర్దుకునే అరలు మాత్రమే. ట్రాఫిక్, మంత్రి మొదటి అరలోకి వెళతాయి. నోటీసు, రిపోర్టు, బావమరిది రెండో అరలోకి వెళతాయి. మూడో అర దాదాపు ఖాళీగానే ఉంటుంది. అలా ఉన్నా ఫరవాలేదు.

సమస్యను వాక్యంగా రాయడంలోనే చాలా తేడా వస్తుంది. "సహజ న్యాయ సూత్రాల ఉల్లంఘన జరిగిందా?" అన్నది సమస్య కాదు, పాఠ్యపుస్తకంలోని అధ్యాయం పేరు. "ఇన్‌స్పెక్టర్ రిపోర్టు కాపీ ఇవ్వకుండా, ఫిర్యాదులేమిటో చెప్పకుండా, ఒక్క రోజు గడువుతో ఇచ్చిన నోటీసు సెక్షన్ కోరిన 'అవకాశం' అవుతుందా?" అన్నది సమస్య. అందులో చట్టంలోని మాట ఉంది, దానికి ఎదురుపడ్డ వాస్తవం ఉంది. ఇలా రాస్తే జవాబు పక్కదారి పట్టడం కష్టం.

ఒక సమస్యను చివరిదాకా నడిపించి చూద్దాం. ఉత్తర్వులో 'మంత్రిగారి ఆదేశం మేరకు' అని ఉంది. చట్టం అధికారం ఇచ్చింది కమిషనర్‌కు. ఒకరికి ఇచ్చిన విచక్షణను మరొకరి మాట మీద వాడితే అది చెల్లదన్నది సూత్రం. దీనికి సరిగ్గా సరిపోయే కేసు గోర్ధన్‌దాస్ భాంజీ. బొంబాయిలో ఒకాయనకు సినిమా హాలు కట్టుకోవడానికి పోలీసు కమిషనర్ అనుమతి ఇచ్చాడు, తరువాత దాన్ని రద్దు చేశాడు. రద్దు చేస్తూ రాసిన లేఖలో, అనుమతి రద్దయిందని మీకు తెలియజేయమని ప్రభుత్వం నన్ను ఆదేశించిందన్న అర్థం వచ్చేలా రాశాడు. రద్దు చేసే అధికారం నిబంధనల ప్రకారం కమిషనర్‌దే, ప్రభుత్వానిది కాదు. అతడు తన బుద్ధితో నిర్ణయించలేదని, పైవారి నిర్ణయాన్ని చేరవేశాడని సుప్రీంకోర్టు 1951లో తేల్చింది.

ఇక్కడ ఆగి, "అదే విధంగా ఈ ఉత్తర్వూ చెల్లదు" అనేస్తే సగం మార్కులే వస్తాయి. అన్వయం అంటే రెండు కేసుల వాస్తవాలను ఎదురెదురుగా పెట్టడం. జవాబులో అది ఇలా ఉండవచ్చు:

"గోర్ధన్‌దాస్ కేసులో లాగే ఇక్కడా అధికారం కమిషనర్‌ది. అక్కడి లేఖలో ప్రభుత్వ ఆదేశం కనిపించినట్లే ఇక్కడి ఉత్తర్వులో 'మంత్రిగారి ఆదేశం మేరకు' అని ఉంది. తాను రిపోర్టు పరిశీలించానని గానీ, ప్రమాదం ఉందని తృప్తి చెందానని గానీ కమిషనర్ ఎక్కడా రాయలేదు. సెక్షన్ కోరిన తృప్తి కమిషనర్‌ది కావాలి. ఇక్కడ కనిపించేది మంత్రి తృప్తి. మంత్రి ఫిర్యాదును పంపించాడు తప్ప ఆదేశించలేదని ప్రభుత్వం వాదించవచ్చు. ఫిర్యాదు ఎవరు పంపినా కమిషనర్ స్వయంగా విచారించి నిర్ణయిస్తే తప్పు లేదు. కానీ 'ఆదేశం మేరకు' అన్న మాట, మధ్యలో ఏ విచారణా లేకపోవడం ఆ వాదనకు అడ్డం వస్తాయి. కాబట్టి ఈ ఆధారం బలమైనది."

ఇందులో తొమ్మిది వాక్యాలు ఉన్నాయి. అవతలి పక్షం ఏమంటుందో ఒక వాక్యం, ఆ మాట ఎందుకు నిలబడదో ఒక వాక్యం కూడా ఉన్నాయి. చాలా జవాబులు ఈ రెండూ లేకుండానే ముగుస్తాయి. సలహా అడిగిన మనిషికి తన కేసులో బలం ఎక్కడుందో తెలిస్తే చాలదు, అవతలివారు ఎక్కడ పట్టుకుంటారో కూడా తెలియాలి.

గోర్ధన్‌దాస్ కేసు ఇంకోచోట కూడా పనికొస్తుంది. అధికారి రాతపూర్వకంగా ఇచ్చిన ఉత్తర్వును అందులోని మాటల బట్టే చూడాలి తప్ప, ఆ తరువాత తన మనసులో ఏముందో అతడు చెప్పే వివరణ బట్టి కాదని కూడా ఆ తీర్పు చెప్పింది. మొహిందర్ సింగ్ గిల్ కేసులో, 1977లో, జస్టిస్ కృష్ణయ్యర్ దాన్నే మళ్లీ గట్టిగా చెప్పారు. ఉత్తర్వు దాని కారణాలతోనే నిలబడాలి, అఫిడవిట్ వేసి కొత్త కారణాలు చేర్చకూడదని. మెస్ కేసులో ఈ సూత్రం లేకపోతే జవాబు చిక్కుల్లో పడుతుంది. ఎందుకంటే మురుగు నీరు నిజంగా ఆరోగ్య సమస్యే, సెక్షన్‌కు సరిగ్గా సరిపోయే కారణం. కానీ అది ఉత్తర్వులో లేదు. ఉత్తర్వులో ఉన్నది ట్రాఫిక్, అది ఈ సెక్షన్‌కు సంబంధం లేని విషయం. అందుకే ట్రాఫిక్ గురించి, అఫిడవిట్ గురించి ఒకదాని వెంట ఒకటి రాయాలి. విడివిడిగా రాస్తే రెండింటి బలమూ తగ్గుతుంది.

విచారణ అవకాశం గురించి అవతలివారి వాదన ఊహించడం కష్టం కాదు: వంటగది పరిస్థితి ఎలాగూ అధ్వానం, వారం గడువిచ్చినా ఫలితం మారేది కాదు. దీనికి 1980 నాటి ఎస్.ఎల్. కపూర్ వర్సెస్ జగ్‌మోహన్ కేసు ఉంది. అది న్యూఢిల్లీ మున్సిపల్ కమిటీని రద్దు చేసిన వ్యవహారం. సహజ న్యాయాన్ని పాటించకపోవడమే నష్టం, వేరే నష్టం రుజువు చేయనక్కరలేదని సుప్రీంకోర్టు అంది. అయితే ఒప్పుకున్న వాస్తవాల మీద ఒకే ఒక్క ముగింపు సాధ్యమైనప్పుడు సంగతి వేరని మినహాయింపు పెట్టింది. మినహాయింపును కూడా రాసి, అది ఇక్కడ ఎందుకు వర్తించదో చెప్పాలి. రిపోర్టే ఆమె చూడలేదు, కాబట్టి ఒప్పుకున్న వాస్తవమంటూ ఏదీ లేదు. ప్రమాదం తక్షణం ముంచుకొచ్చింది, ఆగే వీల్లేదు అన్న వాదనా రావచ్చు. శుక్రవారం నోటీసిచ్చి సోమవారం దాకా మెస్ నడవనిచ్చిన అధికారి ఆ మాట అనడం కష్టం. ప్రశ్నలో రోజుల పేర్లు రాయడం ఇందుకే.

బావమరిది సంగతికి వచ్చేసరికి జవాబుల్లో తొందర కనిపిస్తుంది. "బంధువు కాబట్టి పక్షపాతం" అని తేల్చేస్తారు. కోర్టు అడిగేది అధికారి మనసులో నిజంగా పక్షపాతం ఉందా అని కాదు, ఉండేందుకు సహేతుకమైన అవకాశం ఉందా అని. 1969 నాటి క్రైపాక్ కేసులో జమ్మూకాశ్మీర్‌లో అటవీ సర్వీసుకు ఎంపిక చేసే బోర్డులో కూర్చున్న అధికారే అభ్యర్థి కూడా. తన పేరు వచ్చినప్పుడు లేచి పక్కకు వెళ్లాడు. కానీ పోటీదారుల పేర్లు చర్చకు వచ్చినప్పుడు బోర్డులోనే ఉన్నాడు. ఎంపిక అంతా రద్దయింది. మెస్ కేసులో కమిషనర్‌కు సొంత వ్యాపారం లేదు, బంధువుకు ఉంది. మెస్ మూతపడితే పక్క హోటల్‌కు లాభం కలుగుతుందన్నది సులభంగా ఊహించగలిగేదే. కాబట్టి ఆధారం ఉంది, అయితే క్రైపాక్ అంత సూటిగా లేదు. అలా రాయడం బలహీనత కాదు, నిజాయతీ. చట్టం కమిషనర్ ఒక్కరికే అధికారం ఇచ్చింది, ఇంకెవరు నిర్ణయిస్తారు అన్న 'అవసర' వాదన కూడా రావచ్చు. ఇన్‌ఛార్జి అధికారికి అప్పగించే వీలుందా అన్న వివరం ప్రశ్నలో లేదు. లేని వివరాన్ని కల్పించకూడదు. "అలాంటి వీలు ఉంటే ఈ వాదన నిలవదు" అని షరతుతో రాయాలి.

వాస్తవం కాస్త మారితే ఫలితం ఎంత మారుతుందో చూపించడానికి తెలుగు నేల మీద పుట్టిన జంట కేసులను మించినవి లేవు. బస్సుల జాతీయీకరణ రోజుల్లో కృష్ణా జిల్లా రూట్ల పథకం మీద ప్రైవేటు బస్సుల యజమానులు అభ్యంతరాలు చెప్పారు. వాటిని రవాణా వ్యవహారాలు చూసే కార్యదర్శి విన్నాడు. నిర్ణయం ముఖ్యమంత్రి తీసుకున్నారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు మొదటి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. విన్నది ఒకరు, నిర్ణయించింది మరొకరు అయితే విచారణ తంతుగా మిగులుతుందని, పైగా పథకం తయారుచేసిన శాఖకు పెద్ద అయిన కార్యదర్శే అభ్యంతరాలు వినడం సరికాదని చెప్పింది. ఆ తరువాత ముఖ్యమంత్రే స్వయంగా విని పథకాన్ని ఆమోదించారు. మళ్లీ పక్షపాతం ఆరోపణతో రెండో కేసు వచ్చింది. ఈసారి యజమానులు ఓడిపోయారు. కార్యదర్శి శాఖలో భాగం, మంత్రి అలా కాదన్నది కోర్టు చూపిన తేడా. ఈ రెండు తీర్పులూ 1959 సంవత్సరపు లా రిపోర్టుల్లోనే ఉన్నాయి. 'గుళ్లపల్లి కేసు ప్రకారం' అని రాసే విద్యార్థి ఏ గుళ్లపల్లి కేసో చెప్పకపోతే, ఆ మాట ఇటూ అటూ రెండు పక్కలకూ పనిచేస్తుంది.

అసంబద్ధత గురించి రెండు మాటలు చాలు. 1947 నాటి వెడ్నెస్‌బరీ కేసును పేజీలకు పేజీలు రాసేవారిలో చాలామంది మరిచిపోయే విషయం, ఆ కేసులో సినిమా హాలు యజమాని ఓడిపోయాడని. ఆదివారం పిల్లలను రానివ్వకూడదన్న మున్సిపాలిటీ షరతు నిలబడింది. ఆ గీత అంత ఎత్తున ఉంటుంది. పదకొండేళ్ల మెస్‌ను ఒక్క దెబ్బతో మూయడం అతి అని, గడువిచ్చి బాగుచేయించవచ్చని ఒక పేరా రాయవచ్చు. కానీ దాన్ని జవాబు మొదట్లో పెట్టకూడదు. ఉత్తర్వు కాగితం మీదే కనిపించే లోపాలు ముందు రావాలి: మంత్రి ఆదేశం, ట్రాఫిక్, నోటీసు.

ఇంకో గుంట ఉంది. "వంటగది నిజానికి శుభ్రంగానే ఉంది" అని వాదించడం. అది అప్పీలులో చేయాల్సిన వాదన. శాఖాపరమైన విచారణలో సాక్ష్యం సరిపోతుందా లేదా అని హైకోర్టు అప్పీలు కోర్టులా తూకం వేయదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ శ్రీరామారావు కేసులో 1963లోనే సుప్రీంకోర్టు తేల్చింది. రిట్ కోర్టు చూసేది నిర్ణయం ఎలా జరిగిందన్నదే. ఈ తేడా తెలిసినట్లు ఒక వాక్యంలో చూపిస్తే దిద్దేవారికి విద్యార్థి మీద నమ్మకం పెరుగుతుంది.

కలెక్టర్‌కు అప్పీలు ఉంది కదా, నేరుగా హైకోర్టుకు ఎలా వచ్చారు? ప్రశ్నలో రెండో సెక్షన్ ఇచ్చింది దీనికోసమే, దీనికి జవాబు మొదట్లోనే నాలుగైదు వాక్యాలు ఇవ్వాలి. 226వ అధికరణం కింద ప్రత్యామ్నాయ మార్గం ఉందన్నది కోర్టు తనకు తాను పెట్టుకున్న నియమమే తప్ప అడ్డుగోడ కాదు. సహజ న్యాయం ఉల్లంఘన జరిగినా, అధికారమే లేకుండా చేసినా రిట్ నడుస్తుందని వర్ల్‌పూల్ కేసులో 1998లో చెప్పారు. ఇక్కడ మొదటిది స్పష్టంగా ఉంది.

చివరికి, ఏమి దొరుకుతుంది? ఆధారం రుజువైతే ఉత్తర్వు తప్పనిసరిగా పోతుందనుకోవడం పొరపాటు. పశ్చిమ గోదావరిలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ధర్మాజీగూడెంలో ఉండాలా, లింగపాలెంలో ఉండాలా అన్న గొడవ మీద నడిచిన గద్దె వెంకటేశ్వరరావు కేసు దానికి ఉదాహరణ. నోటీసు ఇవ్వకుండా ప్రభుత్వం తన పాత ఉత్తర్వును మార్చడం తప్పేనని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కానీ దాన్ని కొట్టేస్తే అంతకు ముందున్న మరో చట్టవిరుద్ధమైన ఉత్తర్వు మళ్లీ బతుకుతుందని, జోక్యం చేసుకోలేదు. మెస్ కేసులో అలాంటి చిక్కు లేదు. రద్దు ఉత్తర్వు పోతే పాత లైసెన్సు బతుకుతుంది, అది సక్రమంగా ఇచ్చినదే.

కాబట్టి ఆమెకు ఇవ్వాల్సిన సలహా ఇది. రిట్ నిలుస్తుంది. మంత్రి ఆదేశం, సంబంధం లేని కారణం, చాలని నోటీసు అన్న మూడింటి మీద ఉత్తర్వు సెర్షియొరారీతో రద్దయ్యే అవకాశం బలంగా ఉంది. పక్షపాతం నాలుగోది, మళ్లీ విచారణ జరిగితే అది వేరే అధికారి ముందు జరగాలని కోరడానికి కూడా పనికొస్తుంది. అయితే కోర్టు లైసెన్సు శాశ్వతం చేయదు. రిపోర్టు కాపీతో, తగిన గడువుతో, ఆరోగ్యమే కారణంగా మున్సిపాలిటీ కొత్త నోటీసు ఇవ్వవచ్చు. వంటగదిలోకి మురుగు నీరు వస్తున్న మాట నిజమైతే, ఆ నోటీసు వచ్చేలోపు ఆమె కాలువ బాగుచేయించుకోవాలి.